కవరు పారేయకండి

కల్వకుర్తి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు దగ్గర్లో ఒక దస్తావేజు లేఖరి బల్ల మీద ఆరు కాగితాల కట్ట ఒకటి చూశాను. ఎడమ మూలన ఒక్కటే స్టేపుల్, దాన్ని ఒకసారి కూడా విప్పిన గుర్తు లేదు. ప్రతి పేజీ అడుగున సంతకం, పక్కనే ‘6లో 1’, ‘6లో 2’ అని అంకెలు. అన్నిటికీ వెనక, గుండుసూదితో గుచ్చి, నలిగిన కొరియర్ కవరు. ఆ కవరును చూసి ఎవరో చెత్తబుట్టలో వేయడం మరిచిపోయారనుకున్నాను. తరువాత తెలిసింది, కట్టలో అన్నిటికంటే ఆలోచించి పెట్టిన వస్తువు అదేనని.

ఆ కట్ట మా ఇంటిదే. మా పెద్దనాయిన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊళ్ళో 200 గజాల ప్లాటు కొన్నాడు. ఇప్పుడు అమ్ముదామంటే రావడానికి సెలవు దొరకలేదు. పెద్దనాయినకు పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపితే సరిపోతుందనుకున్నాడు. మా వైపు దాన్ని అందరూ జీపీఏ అనే అంటారు, అది ఒక్క పనికి రాసిందైనా సరే.

నిజానికి ఇది రెండో కట్ట. మొదటిది అంతకుముందే వచ్చింది. రెండు పేజీలు, మంచి కాగితం, అన్న సంతకం, దాని కింద అమెరికా నోటరీ గుండ్రటి సీలు, నోటరీ సంతకం, తారీఖు. పెద్దనాయిన దాన్ని నమ్మి కొనేవాళ్ళ దగ్గర బయానా కూడా తీసుకున్నాడు. తీరా సేల్ డీడ్ రాయించడానికి వెళ్తే, రైటర్ సారు (ఇక్కడ దస్తావేజు లేఖరిని అలాగే పిలుస్తారు) ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి పక్కన పెట్టేశాడు.

“సీలున్నది, సంతకమున్నది, మాట లేదు సార్” అన్నాడు. “నోటరీ ముందర ఎవరు కూసున్నరు, ఎవరు సంతకం పెట్టిన్రు, ఆయననే ఈయనని నోటరీకి ఎట్ల తెలిసింది, గదేం రాయలే. ఉత్త ముద్ర గుద్ది ఇచ్చిండు.”

పెద్దనాయినకు కోపం వచ్చింది. అమెరికాలో చేసిన ముద్రను కల్వకుర్తిలో కాదనడమేమిటని. నేను ఇంటికి వచ్చి చట్టం తిరగేస్తే, రైటర్ సారు పట్టుకున్నది సరిగ్గా సుప్రీంకోర్టు పట్టుకున్న చోటేనని తెలిసింది.

రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. అందులో 33వ సెక్షన్ ఎలాంటి పవర్ ఆఫ్ అటార్నీని రిజిస్ట్రేషన్ ఆఫీసు గుర్తించాలో చెబుతుంది. రాసిచ్చే మనిషి ఇక్కడే ఉంటే, తన జిల్లాలోని రిజిస్ట్రార్ లేదా సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టాలి. ఇండియాలో నివాసం లేకపోతే నోటరీ పబ్లిక్, కోర్టు, జడ్జి, మేజిస్ట్రేట్, ఇండియన్ కాన్సుల్, వైస్ కాన్సుల్, కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి, వీళ్ళలో ఎవరి ముందైనా పెట్టవచ్చు. అంటే చట్టం అక్షరాల ప్రకారం విదేశీ నోటరీ చాలు. కానీ ఆ సెక్షన్ రెండు పనులు అడుగుతుంది. కాగితం ఆ అధికారి ‘ఎదుట’ రాసి సంతకం చేయాలి. తరువాత ఆ అధికారి దాన్ని ‘అథెంటికేట్’ చేయాలి. సీలు వేయడం వేరు, అథెంటికేట్ చేయడం వేరు. మొత్తం తగాదా ఆ సందులోనే పుడుతుంది.

ఆ సందు గురించి జుగ్‌రాజ్ సింగ్, జస్వంత్ సింగ్‌ల కేసులో 1970లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది కూడా అమెరికా నుంచి వచ్చిన పవరే. కాలిఫోర్నియాలో ఉన్న మనిషి ఇక్కడి ఆస్తి అమ్మడానికి రాసిచ్చాడు. మొదటి కాగితం మీద నోటరీ సంతకం ఉంది. కానీ సంతకం చేసినవాడు ఫలానా మనిషేనని తాను నిర్ధారించుకున్నట్టు నోటరీ అందులో ఎక్కడా చెప్పలేదు. దాన్ని కోర్టు చెల్లదంది. తరువాత అదే మనిషి రెండో కాగితం పంపాడు. అందులో నోటరీ ఆ సంగతి రాశాడు. మొదటి కాగితం పేరిట జరిగిన పనులను కూడా ఆ మనిషి అందులో ఒప్పుకున్నాడు. కోర్టు రెండో కాగితాన్ని అంగీకరించి, మొదటి దాని లోపం దానితో తీరిపోయిందంది. నోటరీ అంటే ఇండియా నోటరీయే అయి ఉండాలన్న వాదనను కూడా తోసిపుచ్చింది.

ఆ తీర్పు చదివిన మర్నాడు రైటర్ సారు దగ్గరికి వెళ్ళి చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. జుగ్‌రాజ్ సింగ్ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు. కానీ ‘రెండో కాగితంల మొదటిదాన్ని ఒప్పుకునే ముక్క’ రాయాలని ఆయనకు ముందే తెలుసు. బయానా తీసుకున్నది మొదటి కాగితం మీద కదా. ఆ బయానా ఒప్పందాన్ని తారీఖుతో సహా చెప్పి, దాన్ని తాను చేసినట్టే ఒప్పుకుంటున్నానని అన్నతో రాయించకపోతే, రేపు అటు అన్నయినా ఇటు కొనేవాళ్ళయినా మాట మార్చవచ్చు. రెండో కట్టలో మూడో పేజీ పైన ఉన్న ఆ నాలుగు వరుసలు చదివినప్పుడు, 1970 నాటి తీర్పు ఒక చేతిపనివాడి అలవాటుగా మారి కల్వకుర్తి దాకా నడిచొచ్చిందనిపించింది.

ఇక ఈ కట్టలో నేను ఎక్కువసేపు ఆగిన చోటు నాలుగో పేజీ. అక్కడ నోటరీ రాసిన వాక్యం ఉంది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ఫలానా తారీఖున, ఫలానా కౌంటీలో, ఫలానా వ్యక్తి స్వయంగా నా ముందుకు వచ్చి, ఫలానా నంబరు ఇండియన్ పాస్‌పోర్టు చూపించి తానెవరో రుజువు చేసుకుని, ఈ కాగితం మీద నా సమక్షంలో సంతకం చేశాడు.

ఇది మామూలు వాక్యంలా కనిపిస్తుంది. కానీ అమెరికా నోటరీలు రోజూ వాడే అచ్చు ఫారం ఇది కాదు. అక్కడ ఎక్కువగా వాడేది ‘అక్నాలెడ్జ్‌మెంట్’. అందులో మనిషి నోటరీ ముందుకు వచ్చి, ఈ సంతకం నాదేనని ఒప్పుకుంటే చాలు. సంతకం నిన్న రాత్రి ఇంట్లో పెట్టి తెచ్చినా అక్కడి లెక్కలో తప్పు కాదు. మన 33వ సెక్షన్ మాత్రం ‘ఎదుట’ అంటుంది. అమెరికా చట్టానికి పూర్తిగా సరిపోయిన కాగితం, మన సెక్షన్‌కు ఒక్క మాట తక్కువగా వస్తుంది. అందుకే రైటర్ సారు ఆ వాక్యాన్ని తానే టైపు చేయించి, కింద నోటరీకి చోటు వదిలి పంపాడు. ‘నా సమక్షంలో సంతకం చేశాడు’ అనే మూడు నాలుగు మాటలు లేకపోతే కాగితం వెంటనే చెల్లకుండా పోతుందని కాదు. కౌంటర్ దగ్గర వాదనకు చోటిస్తుంది. ఆ చోటును ఆయన ముందే మూసేశాడు. పని తెలిసినవాడి చేయి నాకు అక్కడే కనిపించింది.

మీ చేతికి ఇలాంటి కాగితం వస్తే ముందు వెనక నుంచి చదవండి. అధికారాల జాబితా తరువాత చూడవచ్చు. నోటరీ వాక్యంలో మనిషి పేరు ఉందా, ఏ గుర్తింపు కార్డు చూశాడో ఉందా, ఎదుట సంతకం చేసినట్టు ఉందా, రాసిచ్చిన మనిషి సంతకం తారీఖు, నోటరీ తారీఖు ఒకటేనా. ఈ రెండు తారీఖులు వేరుగా ఉంటే ఇంట్లో సంతకం పెట్టి తరువాత ముద్ర వేయించారని కాగితమే చెప్పేస్తుంది. మా మొదటి కట్టలో వాటి మధ్య నాలుగు రోజుల తేడా ఉంది. పెద్దనాయిన, నేను ఎన్నిసార్లు చూసినా మా కంటికి ఆనలేదు.

ఐదో పేజీ అపోస్టిల్. నోటరీ మాట సరిగ్గా ఉన్నా, టెక్సాస్‌లో ఆ పేరుతో నోటరీ ఉన్నాడో లేదో కల్వకుర్తి ఆఫీసుకు ఎలా తెలియాలి? దానికోసమే 1961 అక్టోబర్ 5న హేగ్‌లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశంలో అది 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. చతురస్రంగా గీసిన గడిలో పది వరుసలు, ఒకటి నుంచి పది దాకా అంకెలు. ఏ దేశం, కాగితం మీద సంతకం ఎవరిది, ఆయన హోదా ఏమిటి, సీలు ఎవరిది, ఇక్కడి దాకా నాలుగు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ధ్రువీకరించారు, నంబరు, సీలు, సంతకం, ఇవి ఆరు. అన్ని సభ్య దేశాల్లో వరుస ఇదే, అంకెలు ఇవే. భాష రాకపోయినా మూడో అంకె పక్కన ఉన్నది హోదా అని ఎవరైనా పోల్చుకోవచ్చు. ఎన్నో దేశాల గుమాస్తాలు ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఒకరి మాట ఒకరు నమ్మడానికి చేసిన ఏర్పాటు అది. అంత పొదుపుగా ఉన్న ప్రభుత్వ ఫారం నేను ఇంకొకటి చూడలేదు.

అమెరికాలో దీన్ని ఏ రాష్ట్రం నోటరీ అయితే ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఇస్తుంది. టెక్సాస్‌కైతే అది ఆస్టిన్‌లో ఉంటుంది. అపోస్టిల్ కాగితాన్ని అసలు పత్రానికి గట్టిగా జత చేసి పంపుతారు. జిరాక్స్ బాగా రావాలని ఆ స్టేపుల్ పీకి మళ్ళీ కొట్టారంటే, ఏ కాగితానికి ఏ అపోస్టిల్ అన్న అనుమానం మీరే పుట్టించినట్టు. ఈ కట్టలో స్టేపుల్ కదలకపోవడానికి కారణం అదే. అన్నకు రైటర్ సారు ఫోన్‌లో మొదట చెప్పిన మాట ‘పిన్ను పీకొద్దు’ అని.

అపోస్టిల్ గురించి ఒక అపోహ మాత్రం బలంగా ఉంది. అది పడితే పవర్‌కు అంతా అయిపోయినట్టేనని. అపోస్టిల్ చెప్పేది ఆ నోటరీ సంతకం, హోదా, సీలు నిజమైనవని మాత్రమే. లోపల రాసింది నిజమా, ప్లాటు ఉందా, మన స్టాంపు సుంకం కట్టారా అన్నవి దానికి పట్టవు. నోటరీ వాక్యమే డొల్లగా ఉంటే అపోస్టిల్ ఆ డొల్లతనాన్ని నిజమని ధ్రువీకరిస్తుంది, అంతే. మా మొదటి కట్టకు అపోస్టిల్ వేయించి పంపినా గతి మారేది కాదు.

రెండో దారి ఇండియన్ కాన్సులేట్. టెక్సాస్ వాళ్ళకు హ్యూస్టన్ కాన్సులేట్. 1948 నాటి చట్టం ఒకటి మన కాన్సులర్ అధికారులకు నోటరీ చేసే పనులన్నీ చేసే అధికారం ఇచ్చింది. వాళ్ళ సీలు, సంతకాన్ని వేరే రుజువు లేకుండానే ఇక్కడ ఒప్పుకుంటారు. మా మహబూబ్‌నగర్ వైపు నుంచి దుబాయ్, కువైట్ పోయినవాళ్ళకు ఎక్కువగా ఈ దారే వాడుక. కాన్సులేట్ సీలు ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేలా వేస్తారు. ఫొటో మార్చకుండా అదొక కాపలా. రెండు దారుల్లో ఏది మేలని అడిగితే, కాన్సులేట్ దగ్గర్లో ఉంటే అదే అంటాను. మన ఆఫీసుల్లో అశోక సింహాల ముద్రను చూసి ప్రశ్న వేసేవాళ్ళు తక్కువ.

అధికారాలు రాసిన మొదటి రెండు పేజీల గురించి ఎక్కువ చెప్పను. కానీ ఒక్క మెచ్చుకోలు తప్పదు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో ఇరవై ముప్పై అధికారాలుంటాయి. అమ్మడం, తాకట్టు, లీజు, కోర్టు, బ్యాంకు, అన్నీ. ఈ కట్టలో ఉన్నవి ఐదు. ఈ ఒక్క ప్లాటు అమ్మకం మాట్లాడడం, సేల్ డీడ్ మీద సంతకం చేయడం, దాన్ని సబ్ రిజిస్ట్రార్ ముందు దాఖలు చేసి సంతకం ఒప్పుకోవడం, డబ్బు అన్న పేరున్న ఖాతాలోకే తీసుకోవడం, ప్లాటు స్వాధీనం చేయడం. మూడోది చాలామంది మరిచిపోతారు. అమ్మే అధికారం ఇచ్చి, దాఖలు చేసి ఒప్పుకునే అధికారం మాటల్లో రాయకపోతే, కౌంటర్‌లో ఆ ముక్క చూపించమంటారు. పవర్ ఆఫ్ అటార్నీని కోర్టులు ఎప్పుడూ బిగించే చదువుతాయి. రాసింది ఉంటుంది, రాయనిది ఉండదు. నాలుగోది పెద్దనాయినకు కొంచెం నొప్పి కలిగించింది. “నా కొడుకు నన్ను నమ్ముతలేడా?” అన్నాడు. రైటర్ సారు నవ్వి, “మిమ్మల్ని కాదు పెదనాయినా, కొనేటాయన చెక్కు ఎవరి పేర రాయాల్నో అడుగుతడు, అందుకు” అన్నాడు. అమ్మేది ఎన్నారై కాబట్టి కొనేవాళ్ళు టీడీఎస్ పట్టుకోవాలి, ఆ లెక్కకు కూడా ఖాతా అన్న పేరునే ఉండడం మంచిది. ఆ కథ వేరు.

షెడ్యూలు పేజీలో చెక్కుబందీ ఉంది. తూర్పున ఎవరి ప్లాటు, పడమర ఏ రోడ్డు, ఉత్తరం, దక్షిణం. అవి అన్న కొన్నప్పటి లింకు డాక్యుమెంటులో ఉన్న మాటలే, ఒక్క అక్షరం మారకుండా. ఇప్పుడు తూర్పు ప్లాటు చేతులు మారి ఇల్లు లేచింది. అయినా పాత హద్దు రాసి, పక్కన ఇప్పటిది రాశాడు. అంతకంటే ముచ్చటైనది పేరు. లింకు డాక్యుమెంటులో అన్న పేరు ముందు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, చివర. తండ్రి పేరు ఒకదాంట్లో ‘అయ్య’తో ముగుస్తుంది, ఇంకోదాంట్లో లేదు. తెలుగువాళ్ళకు ఇది ఇంటింటి రోగం. మొదటి పేరాలోనే రెండు పేర్లూ రాసి, ఇద్దరూ ఒకరేనని చెప్పి, పాస్‌పోర్టు నంబరు, లింకు డాక్యుమెంటు నంబరు పక్కపక్కన పెట్టాడు. నోటరీ చూసింది పాస్‌పోర్టు, సబ్ రిజిస్ట్రార్ చూసేది లింకు డాక్యుమెంటు. రెండింటికీ ముడి పడే చోటు ఆ పేరా తప్ప ఇంకోటి లేదు.

ఇక కవరు సంగతి. చాలామంది చేసే పని ఒకటుంది. ఇక్కడ వంద రూపాయల స్టాంపు పేపరు కొని, కొరియర్‌లో అమెరికా పంపి, దాని మీద టైపు చేయించుకుంటారు. నేరమేం కాదు. కానీ దానితో సుంకం తీరిపోయిందనుకోవడం పొరపాటు. తీరాల్సిన సుంకం వేరే ఉంటుంది. స్టాంపు చట్టం 1899 నాటిది. దాని 18వ సెక్షన్ విదేశాల్లో సంతకమైన కాగితానికి ఒక వెసులుబాటు ఇచ్చింది. తెల్లకాగితం మీద రాసినా సరే, అది ఇండియాకు మొదట చేరిన రోజు నుంచి మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించుకోవచ్చు. తెలంగాణలో ఆ పని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర జరుగుతుంది. దాన్నే ఆఫీసుల్లో ‘వాలిడేషన్’ అంటారు. కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నా, రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో మాకు జిల్లా రిజిస్ట్రార్ మహబూబ్‌నగర్‌లోనే.

గడియారం మొదలయ్యేది సంతకం తారీఖు నుంచి కాదు, కాగితం దేశంలోకి చేరిన తారీఖు నుంచి. ఆ తారీఖు కాగితం మీద ఎక్కడా ఉండదు. నోటరీ రాయడు, అపోస్టిల్ రాయదు. అది ఉండేది ఒక్క చోటే, కొరియర్ కవరు మీద. కవరు చించి పారేస్తే, కాగితం ఎప్పుడొచ్చిందని అడిగినప్పుడు మాటే తప్ప రుజువు ఉండదు. మా కట్టలో అన్న సంతకం మార్చి 10న, కవరు వచ్చింది మార్చి 24న. అంటే జూన్ మూడో వారం దాటనీయకుండా మహబూబ్‌నగర్ పోవాలి. మొదటి కట్ట కవరును పెద్దమ్మ అప్పుడే పొయ్యిలో వేసింది. అందుకే ఈసారి కవరు విప్పకముందే రైటర్ సారు దగ్గరికి తీసుకురమ్మని ఆయన ఆర్డరు.

రెండో గడియారం ఒకటుంది. పవర్‌నే ఇక్కడ రిజిస్టర్ చేయించాలనుకుంటే, మామూలుగా సంతకం నుంచి నాలుగు నెలలు గడువు. విదేశంలో సంతకమైనదానికి 26వ సెక్షన్ ప్రకారం దేశంలోకి చేరిన రోజు నుంచి నాలుగు నెలలు. జనవరిలో సంతకం పెట్టి, టెక్సాస్ ఇంట్లో సొరుగులో మరిచిపోయి, ఆగస్టులో పంపినా ఆ సెక్షన్ కాపాడుతుంది. కానీ ఆగస్టులో చేరిందని రుజువు కావాలి. మళ్ళీ కవరే. మా కట్టకు ఈ రెండో గడియారంతో పని పడలేదు. సేల్ డీడ్ దాఖలు చేయడానికి 33వ సెక్షన్ ప్రకారం సరిగ్గా అథెంటికేట్ అయిన పవర్ ఉంటే చాలు, దాన్ని మళ్ళీ రిజిస్టర్ చేయమని ఆ సెక్షన్ అనదు. డబ్బు తీసుకుని, అమ్మకం ఒప్పందంతో కలిపి రాసే ఏజీపీఏల దారి వేరు, వాటిని దీనితో కలపకూడదు. ఉత్త జీపీఏ చేతిలో పెట్టి ప్లాటు అమ్మేశామనుకోవడం ఎటూ కుదరదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు మారేది రిజిస్టరైన సేల్ డీడ్‌తోనే.

మేలో ఒకరోజు పొద్దున్నే జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయాం. పెద్దనాయిన, నేను, కట్ట. కట్ట, దాని జిరాక్సు, అన్న పాస్‌పోర్టు కాపీ, పెద్దనాయిన ఆధార్, లింకు డాక్యుమెంటు, ఒక దరఖాస్తు. సుంకం ఎంతన్నది పవర్ ఎవరికిచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది. తండ్రి, తల్లి, భార్య లాంటి కుటుంబసభ్యులకిస్తే తక్కువ. బయటివారికి ఆస్తి అమ్మే అధికారం ఇస్తే ఆస్తి విలువ మీద శాతం. అందుకే మొదటి పేరాలో ‘నా కన్నతండ్రి’ అని రాసింది ప్రేమకోసం కాదు. ఆ మాట లేకపోతే బంధుత్వాన్ని వేరే కాగితంతో చూపించాల్సి వచ్చేది. గడువు దాటిపోయి ఉంటే 18వ సెక్షన్ నీడ పోతుంది. కాగితం స్టాంపు లేనిదిగా మిగులుతుంది. తక్కువైన సుంకంతో పాటు జరిమానా పడుతుంది, చట్టం దాన్ని పది రెట్ల దాకా పోనిస్తుంది.

అక్కడి గుమాస్తా కట్టను వెనక నుంచి తెరిచాడు. ముందు కవరు చూశాడు, తరువాత అపోస్టిల్, తరువాత నోటరీ వాక్యం. అధికారాల పేజీలు ఆఖర్న. రైటర్ సారు చదివిన వరుసే అది. సుంకం కట్టాక మొదటి పేజీ వెనక ఎండార్స్‌మెంటు పడింది, నంబరు, సంవత్సరం, ఎంత కట్టారు, జిల్లా రిజిస్ట్రార్ సంతకం. ఆ వెనకవైపును రైటర్ సారు ఖాళీగా వదలమన్నది దీనికోసమట. అన్న మాత్రం కాగితం ఆదా అని రెండు వైపులా ప్రింటు తీయబోయాడు.

ఒక చిన్న హెచ్చరిక. ఇదంతా ఇంటి ప్లాటు సంగతి. చెలకో, పొలమో అయితే రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర కాదు. 2020లో ధరణి వచ్చినప్పటి నుంచి, ఇప్పుడు భూభారతిలోనూ, వ్యవసాయ భూమి లావాదేవీ తహసీల్దార్ దగ్గరే. పవర్ తయారీ అదే, తలుపు వేరు. షెడ్యూలులో సర్వే నంబరు, పాస్‌బుక్ వివరాలు పాస్‌బుక్‌లో ఉన్నట్టే ఉండాలి.

సేల్ డీడ్ రోజున కల్వకుర్తి ఆఫీసులో పెద్దనాయిన తన పేరే సంతకం చేశాడు, కింద ‘ఫలానా వారి జీపీఏ హోల్డర్’ అని. డీడ్ మొదటి పేజీలో అన్న పేరు, పవర్ తారీఖు, నోటరీ ఎవరు, మహబూబ్‌నగర్ వాలిడేషన్ నంబరు, అన్నీ ఒకే వాక్యంలో వరుసగా ఉన్నాయి. ఆ వాక్యం నలభై ఏళ్ళ తరువాత ఈ ప్లాటు కొనేవాడికి దారి చూపిస్తుంది. ఇంకో కాగితం మీద కూడా పెద్దనాయిన సంతకం పెట్టాలి. పవర్ ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడని, పవర్ రద్దు కాలేదని. ఎందుకంటే ఇచ్చినవాడు పోతే పవర్ కూడా పోతుంది, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ అది. అపోస్టిల్, వాలిడేషన్, సీళ్ళు ఎన్ని ఉన్నా దాన్ని బతికించలేవు. కొడుకు బతికే ఉన్నాడని సంతకం పెట్టమనేసరికి పెద్దనాయిన కలం ఆగింది. అమెరికాలో అప్పుడు అర్ధరాత్రి. అయినా బయటికి పోయి ఫోన్ చేసి, గొంతు విని, వచ్చి పెట్టాడు.

పని అయ్యాక కొన్నాయన తన ఫైలుకోసం కట్ట మొత్తానికి జిరాక్స్ అడిగాడు. ఆరు షీట్లు, ముందూ వెనకా. రైటర్ సారు స్టేపుల్ తీయకుండానే ఒక్కో పేజీ మడిచి మిషన్ మీద పెట్టాడు. ఆఖరున గుండుసూది తీసి, కవరును కూడా అద్దం మీద బోర్లించాడు.